సార్, కీలో 27 ఉంది

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ టింగుమంది. "సార్, మీరు 24 అన్నరు. అఫీషియల్ కీల 27 ఉంది. ఏది నమ్మాలె?"

పంపినవాడు పరకాల దగ్గరి ఊరి పిల్లగాడు. హన్మకొండ నయీంనగర్‌లో ముగ్గురితో కలిసి రూమ్ తీసుకున్నాడు. కానిస్టేబుల్ నుంచి గ్రూప్స్ దాకా ఏ నోటిఫికేషన్ పడినా రాస్తాడు. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. పాత విద్యార్థి కాబట్టి ఆగిపోయిన లెక్కలన్నీ నాకు ఫొటో తీసి పంపుతుంటాడు. ఆ రోజు పొద్దున కూడా ఒకటి పంపాడు. క్లాసుకూ క్లాసుకూ మధ్య, చాయ్ చల్లారేలోపు చేసి పంపేశాను.

లెక్క ఇది: "A పని సామర్థ్యం B కంటే రెండు రెట్లు ఎక్కువ. ఇద్దరూ కలిసి ఒక పనిని 18 రోజుల్లో పూర్తి చేస్తే, A ఒక్కడే ఎన్ని రోజుల్లో చేస్తాడు?" ఆప్షన్లు 24, 27, 36, 54.

నేను చేసిన తీరు చెప్తాను. 20 శాతం ఎక్కువ అంటే 120 శాతం. 100 శాతం ఎక్కువ అంటే రెండింతలు. అలాంటప్పుడు రెండు రెట్లు ఎక్కువ అంటే, ఉన్న ఒక రెట్టుకు ఇంకో రెండు కలపాలి, మొత్తం మూడు. B రోజుకు ఒక పాలు పని చేస్తే A మూడు పాళ్లు చేస్తాడు. ఇద్దరూ కలిసి రోజుకు నాలుగు, 18 రోజులకు 72 పాళ్లు. A ఒక్కడే చేస్తే 72ను 3తో భాగించాలి, 24 రోజులు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

అందుకే ఆ రాత్రి ఇంకేం ఆలోచించకుండా జవాబు కొట్టేశాను: "కీ తప్పు. 24 కరెక్ట్." మర్యాదగా ఉందా అంటే ఉంది, తిట్టలేదు కదా. కానీ పంపాక ఒక విషయం తొలచడం మొదలుపెట్టింది. ఆప్షన్లలో 24 ఉంది, 27 కూడా ఉంది. పేపర్ తయారుచేసినాయన ఈ రెండు అంకెల్నీ ఊరికే పెట్టడు. నా 24 అక్కడికి ఎలా వచ్చిందో నాకు తెలుసు. మరి ఆయన 27 ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే. కీ మన జవాబుతో కలవనప్పుడు చాలామంది వెంటనే తమ లెక్కను మళ్లీ మొదటి నుంచి చేస్తారు. చేయాల్సిందే, కానీ అది చాలదు. ఒకే మనిషి ఒకే దారిలో రెండోసారి నడిస్తే అదే గుంతలో పడతాడు. నేను ఆ రాత్రి పదిసార్లు చేసినా 24 వచ్చేది. చేయాల్సింది ఇంకొకటి ఉంది. కీ ఇచ్చిన జవాబు దగ్గర నిలబడి వెనక్కి నడవాలి. ఈ అంకె రావాలంటే ప్రశ్నను ఎలా చదివి ఉండాలి, ఏ మెట్టు ఎక్కి ఉండాలి, లేదా ఏ మెట్టు మరిచి ఉండాలి?

27 నుంచి వెనక్కి నడిచాను. A ఒక్కడే 27 రోజుల్లో చేస్తే, రోజుకు పనిలో 1/27 వంతు. ఇద్దరూ కలిసి రోజుకు 1/18. తేడా B వంతు: 1/18 − 1/27. 54ను ఉమ్మడి హారంగా తీసుకుంటే 3/54 − 2/54 = 1/54. అంటే B ఒక్కడే 54 రోజులు తీసుకుంటాడు. 27కు 54, సరిగ్గా రెండింతలు.

ఇంత శుభ్రంగా రెండింతలు వచ్చిందంటే అది అచ్చుతప్పు కాదు, లెక్క తప్పూ కాదు. కీ ఇచ్చినాయన "రెండు రెట్లు" అని చదివాడు, నేను "రెండు రెట్లు ఎక్కువ" అని చదివాను. గొడవ లెక్కలో లేదు, ఒక్క మాటలో ఉంది.

పిల్లగాణ్ని అడిగాను, "బిడ్డా, ఈ ప్రశ్నకు పైన ఇంగ్లీషు ఉంటది కదా, అది కూడా ఫొటో తీసి పంపు." నేను తెలుగు మీడియం వాణ్నని తెలిసి, వాడు తెలుగు ముక్క వరకే కట్ చేసి పంపాడు పొద్దున. పూర్తి ఫొటో వచ్చింది. ఇంగ్లీషులో "ట్వైస్ యాజ్ ఎఫిషియెంట్" అని ఉంది. ఎక్కువ అనే మాటే లేదు. అనువాదం చేసినాయన మనం రోజూ మాట్లాడుకునే తీరులో "రెండు రెట్లు ఎక్కువ" అని రాసేశాడు. నిజానికి మన ఊళ్లల్ల మాటల్లో దాని అర్థం కూడా అదే. "పోయినేటి కంటే పత్తి రెండు రెట్లు ఎక్కువ ఎల్లింది" అంటే ఎవరూ మూడు రెట్లు అని లెక్క కట్టరు. పది క్వింటాళ్లకు ఇరవై వచ్చిందనే అనుకుంటారు. నేను శాతాల తర్కాన్ని మాట మీద రుద్దాను. మన రాష్ట్ర నియామక పరీక్షల పేపర్లలో, తెలుగుకూ ఇంగ్లీషుకూ తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుందని సూచనల్లో రాసి ఉండటం మామూలే. ఆ లెక్కన కూడా 27 నిలబడుతుంది.

కాబట్టి కీ గెలిచింది, నేను ఓడాను అని చెప్పి పడుకోవచ్చు. కానీ అదీ పూర్తి నిజం కాదు. తెలుగు వాక్యాన్ని మాత్రమే చదివి 24 పెట్టిన పిల్లలు తప్పు చేశారని నేననను. వాళ్లకు లెక్క వచ్చు, ప్రశ్నే వాళ్లకు సరిగ్గా అందలేదు. ఇప్పుడు వాడికి నేను రాయాల్సిన జవాబులో ఈ రెండూ ఉండాలి, పైగా గంట కింద నేను కొట్టిన "కీ తప్పు" అన్న ముక్కను వెనక్కి తీసుకోవాలి. చివరికి ఇలా రాశాను:

"బిడ్డా, ఈ పేపర్‌కు 27 పెట్టుకో. ఇంగ్లీషులో రెండింతలు అని ఉంది, దాని ప్రకారం A 27 రోజులు, B 54 రోజులు, కలిపి చూస్తే సరిగ్గా 18 వస్తది. నేను తెలుగు వాక్యం పట్టుకొని మూడింతలుగా తీసుకున్న, అందుకే 24 వచ్చింది. కీ తప్పని ఇందాక తొందరపడి అన్న, అది సరికాదు. ఇకమీద రెట్లు ఎక్కువ అని కనపడితే ముందు ఇంగ్లీషు చూడు."

అయిదు వాక్యాలు. రాయడానికి పావుగంట పట్టింది. మొదటి వాక్యంలోనే ఏం పెట్టుకోవాలో చెప్పాను, ఎందుకంటే వాడికి ముందు కావాల్సింది అది. నా సంజాయిషీ నాలుగో వాక్యంలోకి పోయింది, అక్కడే ఉండాలి. మొదట రాసిన చిత్తులో మూడు లైన్ల క్షమాపణ ఉండేది, కొట్టేశాను. మాస్టారు అంతగా క్షమాపణ చెప్తే పిల్లవాడు ఇబ్బంది పడి "పర్లేదు సార్" అంటాడు, లెక్క పక్కకు పోతుంది.

ఇంత దాకా రాకముందే తేలిపోయే తగాదాలు కూడా బోలెడు ఉంటాయి. ప్రశ్నపత్రం సెట్లుగా వస్తుంది, కీ తరచూ మాస్టర్ పేపర్ నంబర్ల ప్రకారం వస్తుంది. పిల్లలు తమ బుక్‌లెట్‌లోని 43వ ప్రశ్నను కీలోని 43తో పోల్చి "కీ తప్పు సార్" అంటారు. కంప్యూటర్ మీద రాసే పరీక్షల్లో ఆప్షన్ల వరుస కూడా మారిపోతుంది. జేఈఈ మెయిన్ రెస్పాన్స్ షీట్ చూడండి, ప్రతి ఆప్షన్‌కూ పొడుగాటి ఐడీ నంబర్ ఉంటుంది, కీలో ఇచ్చేది ఆ నంబరే. తెర మీద రెండో ఆప్షన్‌గా కనపడింది ఐడీల వరుసలో రెండోది కాకపోవచ్చు. అందుకని ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది "కీలో అంకె ఎంత" అని కాదు, "కీలో ఉన్న ఐడీ పక్కన నీ షీట్‌లో ఏ జవాబు రాసి ఉంది" అని. సగం టెన్షన్ అక్కడే దిగిపోతుంది. అలా దిగిపోయినప్పుడు "ముందే చూసుకోవద్దా" అని అనబుద్ధవుతుంది. అనకూడదు. ఈ నంబర్ల మాయలో నేనూ పడ్డాను.

నిజానికి కీ తయారుచేసే వైపున కూడా కూర్చున్నాను నేను. చాలా ఏళ్ల కింద ఒక కాలేజీ తన పిల్లలకు పెట్టుకునే పరీక్షకు లెక్కల కీ నన్ను చేయమన్నారు. నాలుగు సెట్లు. ఒక సెట్‌కు జాగ్రత్తగా చేసి, మిగతా మూడింటికి నంబర్లు మార్చి ఎక్కించాలి. రాత్రి పదకొండు దాటాక మూడో సెట్‌లో ఒక వరుస జారిపోయింది. పన్నెండు ప్రశ్నలకు పక్క ప్రశ్న జవాబు పడింది. మర్నాడు ఒక అమ్మాయి వచ్చి, చాలా భయం భయంగా, "సార్, వరసగా అన్నీ ఒకటి కిందికి జరిగినట్టున్నయి" అంది. ఆ అమ్మాయి ఒక్క ప్రశ్న పట్టుకొని వాదించలేదు, జారుడు మొత్తాన్ని కనిపెట్టింది. కీలో ఒక తప్పు కనపడితే ముందూ వెనకా ప్రశ్నలు కూడా చూడమని నేను చెప్పేది అప్పటి నుంచే.

ఇప్పుడు ఇంకో రకం. ఇక్కడ కీ నిజంగానే తప్పు.

ములుగు వైపు నుంచి వచ్చి హన్మకొండలో ఇంటర్ చదివిన ఒక అమ్మాయి ప్రవేశ పరీక్ష రాసింది. ప్రాథమిక కీ వచ్చాక నా దగ్గరికి కాగితం పట్టుకొని వచ్చింది. √(x+7) = x − 5 అనే సమీకరణానికి వాస్తవ మూలాలు ఎన్ని అన్నది ప్రశ్న. కీలో 2. ఇంటికి పోయి చేసుకుంటే తనకు 1 వచ్చింది.

చేశాను. రెండు వైపులా వర్గం చేస్తే x + 7 = x² − 10x + 25. సర్దితే x² − 11x + 18 = 0. కారణాంకాలు (x − 9)(x − 2). x విలువలు 9, 2. ఇక్కడ ఆగితే జవాబు 2. కీ నుంచి వెనక్కి నడిచే పనే లేదు, కీ ఎక్కడ ఆగిపోయిందో ఎదురుగానే కనపడుతున్నది.

వర్గం చేసినప్పుడు కొత్త మూలాలు దొంగతనంగా దూరుతాయి కాబట్టి రెండింటినీ అసలు సమీకరణంలో పెట్టి చూడాలి. x = 9 పెడితే ఎడమన √16, అంటే 4. కుడిన 9 − 5 = 4. సరిపోయింది. x = 2 పెడితే ఎడమన √9, అంటే 3. కుడిన 2 − 5 = −3. సరిపోలేదు. మూలం ఒక్కటే.

అయినా నేను అక్కడ ఆగలేదు. 24 దగ్గర తగిలిన దెబ్బ తర్వాత, కీ తప్పు అనే ముందు ఇంకో దారిలో కూడా పోయి చూడటం అలవాటు చేసుకున్నాను. వర్గం చేయకుండానే చూద్దాం. ఎడమవైపు వర్గమూలం కాబట్టి ఎప్పుడూ సున్నా కంటే తగ్గదు. అందుకని కుడివైపు కూడా తగ్గకూడదు, x కనీసం 5 ఉండాలి. x = 5 దగ్గర ఎడమ √12, సుమారు మూడున్నర, కుడి సున్నా. x = 9 దగ్గర రెండూ 4. x = 18 దగ్గర ఎడమ 5, కుడి 13. కుడివైపు సరళరేఖ x ఒకటి పెరిగితే తానూ ఒకటి పెరుగుతుంది. ఎడమవైపు వక్రరేఖ ఆ ప్రాంతంలో దాని కంటే మెల్లగా పాకుతుంది. కింద నుంచి వచ్చిన రేఖ ఒక్కసారి దాటిపోయాక మళ్లీ కలిసే అవకాశం లేదు. వర్గం చేసినా చేయకపోయినా ఒకటే మూలం.

ఇంకా ఒక అడుగు మిగిలింది, చాలామంది వదిలేసేది ఇదే. కీ తరఫున మనమే వకాల్తా పుచ్చుకొని వాదించాలి. 2 అన్న జవాబును కాపాడాలంటే ఏం అనాలి? √9 అంటే +3 కూడా, −3 కూడా అనాలి. అలా అంటే x = 2 నిలుస్తుంది. కానీ 9 యొక్క వర్గమూలాలు రెండు అనడం వేరు, √9 అనే గుర్తు వేరు. ఆ గుర్తు రుణేతర మూలాన్నే సూచిస్తుందన్నది పాఠ్యపుస్తకాల ఒప్పందం. అందుకేగా వర్గ సమీకరణ సూత్రంలో √ ముందు ± అని విడిగా రాస్తాం, గుర్తులోనే రెండూ ఉంటే ఆ ± ఎందుకు? పని-రోజుల లెక్కలో కీ తరఫున వాదిస్తే కీ నిలిచింది. ఇక్కడ కీ తరఫున ఎంత వాదించినా నిలవలేదు. నాకు ఈ రెండింటికీ ఉన్న తేడా అదే, అంతకు మించిన కొలబద్ద లేదు.

ఇక్కడ నా పాత పాపం ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సరిగ్గా ఇలాంటి లెక్కకే ఒక గైడ్ కీలో రెండు మూలాలని ఉంది. పిల్లలు అడిగారు. నాకు ఒకటే వచ్చింది. కీ అచ్చులో ఉంది, నేనేమో కొత్త సార్‌ని. "వర్గమూలానికి ప్లస్ మైనస్ రెండూ ఉంటయి కదా, అందుకే రెండు" అని బోర్డు మీద రాసి గండం గట్టెక్కాను. కీకి సరిపోయేలా లెక్క కుట్టడం అంటే ఇదే. చొక్కా కుట్టాక మనిషిని కోసి అందులో దూర్చినట్టు. అర్ధ సంవత్సరం పరీక్షల్లో ఆ క్లాసు పేపర్లు దిద్దుతుంటే, దూరం కనుక్కోమన్న లెక్కలో ముగ్గురు పిల్లలు √25 = ±5 అని రాశారు. దూరం మైనస్ అయిదు! ఎర్ర పెన్నుతో కొట్టేస్తుంటే నా చేతే వణికింది. వాళ్లకు ఆ మాట చెప్పింది నేనే.

అందుకే "కీని గౌరవించాలి, మర్యాదగా ఒప్పుకోవాలి" అనే సలహా నాకు నచ్చదు. మర్యాద గొంతులో ఉండాలి, లెక్కలో ఉండకూడదు. కీ చూడగానే "అవును బిడ్డా, నేనే తప్పు చేసిన" అని, ఎక్కడ తప్పు చేశామో చూపించకుండా ఒప్పుకోవడం వినయంలా కనపడుతుంది కానీ, అది పిల్లవాణ్ని ఒంటరిగా వదిలేయడమే. మన లెక్కలో ఫలానా మెట్టు దగ్గర జారామని వేలు పెట్టి చూపించగలిగితేనే ఒప్పుకోవాలి. చూపించలేకపోతే, "నాకు ఇంకా 1 వస్తున్నది, కీలో 2 ఉంది, తేడా ఇక్కడ వస్తున్నది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, బలమైనదే. మా స్టాఫ్ రూమ్‌లో ఒక సీనియర్ అనేవారు, "నీ లెక్కతో వానికి సీటు రాదు, కీతోటే వస్తది. కీల ఉన్నదే చెప్పు." చట్టం కూడా చాలావరకు ఆ వైపే మొగ్గుతుంది. కాన్పూర్ విశ్వవిద్యాలయం, సమీర్ గుప్తా కేసులో 1983లో సుప్రీంకోర్టు, కీలోని జవాబు తప్పని రుజువయ్యేదాకా దాన్ని సరైనదిగానే అనుకోవాలంది. ఆ రుజువు కూడా చుట్టూ తిప్పి తర్కించేది కాకూడదు, ఆ సబ్జెక్టు బాగా తెలిసినవాళ్లెవరూ కీ జవాబును సరైనదనలేనంత స్పష్టంగా ఉండాలంది. 2017లో రణ్‌విజయ్ సింగ్ కేసులో ఇంకో అడుగు వేసి, అనుమానం మిగిలితే దాని లాభం అభ్యర్థికి కాక పరీక్ష పెట్టినవాళ్లకే పోవాలంది.

మా సీనియర్ ఈ తీర్పులు చదివుంటే సంతోషపడేవారు. కానీ మొదటి కేసులో చివరికి ఏం జరిగిందో కూడా చూడాలి. గుర్తింపు ఉన్న పాఠ్యపుస్తకాలతో పోల్చి చూస్తే కీ జవాబులు తప్పని తేలింది, పిల్లలే గెలిచారు. కోర్టు అడిగింది కీకి మొక్కమని కాదు, రుజువు గట్టిగా తెమ్మని. x = 2 పెడితే 3 = −3 వస్తుంది అన్నది అలాంటి రుజువు. "రెండు రెట్లు ఎక్కువ అంటే శాతాల లెక్కన మూడు రెట్లు" అన్నది అలాంటిది కాదు. ఆ రాత్రి నేను దాన్నే పట్టుకొని కీ తప్పని తీర్పు చెప్పాను.

పుస్తకం రుజువుగా ఎంతవరకు నిలుస్తుందో 2024 నీట్‌లో ఫిజిక్స్ ప్రశ్న ఒకటి చూపించింది. ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరంగా ఉంటాయి, వాటి ప్రత్యేక వర్ణపటాన్ని వెలువరిస్తాయి అన్న వాక్యం సరైందా కాదా అన్నది అందులో సగం. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో వాక్యం అలాగే ఉంది. కొత్త దాంట్లో "చాలా మూలకాల" అని సవరించారు. రేడియోధార్మిక మూలకాల పరమాణువులు స్థిరంగా ఉండవు కదా. పాత పుస్తకం చదివినవాళ్లు అభ్యంతరాలు పెట్టారు, పరీక్ష సంస్థ రెండు ఆప్షన్లకూ మార్కులిచ్చింది. విషయం సుప్రీంకోర్టుకు పోయింది, కోర్టు ఐఐటీ ఢిల్లీ నుంచి ముగ్గురు నిపుణుల అభిప్రాయం అడిగింది, 2024 జులై 23న ఒక్కటే సరైన ఆప్షన్ అని తేలింది. పాత పుస్తకం నమ్మి రెండో ఆప్షన్ పెట్టినవాళ్లకు నాలుగు మార్కులు పోయాయి, పైన నెగటివ్ మార్కు ఒకటి. మొదట 67గా, తర్వాత 61గా ఉన్న పూర్తి మార్కుల వాళ్లు చివరికి 17 మంది మిగిలారు.

దీన్ని నేను రెండు రకాలుగా చదువుకుంటాను. పుస్తకంలో ఉంది కాబట్టి నిజం అనే రుజువు చివరిదాకా నిలవలేదు, ఫిజిక్స్ నిలిచింది. కానీ ఆ పుస్తకం చేతిలో పెట్టి చదవమన్న టీచర్‌కు, చదివిన పిల్లకు "నువ్వు తప్పు" అని మొహం మీద అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు. పాత ఎడిషన్ అన్నయ్య దగ్గరి నుంచి తమ్ముడికి రావడం మన ఇళ్లల్లో ఎంత మామూలో తెలుసు కదా. అలాంటి పిల్ల నా దగ్గరికి వచ్చి "సార్, పుస్తకంల ఇట్లనే ఉంది" అంటే, ముందు పుస్తకం తెరిచి ఆ వాక్యాన్ని నేనూ చదువుతాను. "అవునమ్మా, ఇందులో అట్లనే ఉంది" అంటాను. ఆ తర్వాతే యురేనియం సంగతి ఎత్తుతాను.

మర్యాద అంటే ఇలాంటి వరుసే అనుకుంటాను. తెలుగులో మర్యాద మాటల్లోనే ఉంది, గారు, అండీ, మీరు అని. వాటితో పని తేలికగా అయిపోతుందనుకుంటాం. "మీరు చెప్పింది తప్పండీ" అన్నదాంట్లో రెండు మర్యాదలున్నాయి, అయినా గుచ్చుకుంటుంది. అదే "x = 2 పెట్టి చూడు, రెండు వైపులా ఏమొస్తున్నది?" అన్నదాంట్లో ఒక్క గౌరవ పదం లేదు, ఏకవచనం కూడా, అయినా ఎవరికీ నొప్పి తగలదు. తప్పు మనిషి మీద కాక సమీకరణం మీద పడింది. కీ చేసినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు కూడా అంతే. "వాళ్లకు లెక్కలు రావు" అనడం సులువు. జారిపోయిన నా మూడో సెట్ గుర్తొచ్చి నోరు మూసుకుంటాను. "సరిచూసే మెట్టు వదిలేసినట్టున్నరు" అంటాను. ఆ మాట మర్యాదగానూ ఉంటుంది, అభ్యంతరంలో రాయడానికీ పనికొస్తుంది.

నాకెంత నమ్మకం ఉందో అంతే మాటలో ఉండాలన్నది కూడా మర్యాదలో భాగమే. రెండు దారుల్లో చేసి, కీ తరఫున వాదించి ఓడిపోయాకే "కీ తప్పు" అంటాను. ఒక్క దారిలోనే చేస్తే "నాకు ఇట్ల వస్తున్నది, రేపు ఇంకోసారి చూసి చెప్త" అంటాను. ప్రశ్నకే రెండు అర్థాలుంటే "రెండిట్ల దేనికైనా వస్తది, ఈ పేపర్‌కు మాత్రం ఇది పెట్టుకో" అంటాను. "కీ తప్పే" అని అన్నింటికీ ఒకటే గొంతుతో చెప్తే, నిజంగా తప్పున్న రోజు నా మాటకు విలువ ఉండదు.

ములుగు అమ్మాయికి కాగితం మీద రాసి ఇచ్చాను. ప్రశ్న ఐడీ, కీలోని జవాబు, మనం అడిగే జవాబు. కింద నాలుగు లైన్ల సాధన: వర్గం చేయడం, రెండు విలువలు, 9 పెట్టి చూడటం, 2 పెట్టి చూడటం. √ గుర్తు గురించి ఇంటర్ పుస్తకంలో ఉన్న పేజీ. అంతకు మించి ఒక్క మాట లేదు. అభ్యంతరాలు చూసే నిపుణుడి ముందు అలాంటివి గుట్టగా ఉంటాయి, "మా భవిష్యత్తు" అని మొదలయ్యే పేరాను ఆయన దాటేస్తాడు, 3 = −3 దగ్గర మాత్రం ఆగుతాడు. కొన్ని పరీక్షలకు దీనికి డబ్బు కట్టాలి, జేఈఈ మెయిన్‌కు ప్రశ్నకు 200 రూపాయలు. అందుకే కీ తరఫున వాదించి చూడకుండా అభ్యంతరం పెట్టొద్దని పిల్లలకు చెప్తాను.

అమ్మాయి కాగితం మడిచి బ్యాగులో పెట్టుకోలేదు. కాసేపు చేతుల్లోనే పట్టుకొని నిలబడింది.

"సార్, ఒక మాట అడుగుతా ఏమనుకోరు కదా?"

"అడుగు బిడ్డా."

"పరీక్షల నేను రెండే పెట్టిన సార్. తొందర్ల చెక్ చేయలే. ఇంటికొచ్చినంక చేస్తే ఒకటి వచ్చింది. ఇప్పుడున్న కీ ప్రకారం నాకు మార్కు వస్తది."

ఇది నేను ఊహించలేదు. ఇన్నేళ్లలో నా దగ్గరికి కీ తప్పని వచ్చినవాళ్లందరికీ ఆ తప్పు వల్ల మార్కు పోయేది. మార్కు వస్తున్నా అడగడానికి వచ్చింది ఈ పిల్లే. కీ సరైనదని నేను అని ఉంటే హాయిగా వెళ్లిపోయేది కూడా. ఆ మాట అనకుండా, అట్లా అని అభ్యంతరం పెట్టమని బలవంతపెట్టకుండా ఏం చెప్పాలో తోచలేదు.

"జవాబు మాత్రం ఒకటే బిడ్డా," అన్నాను. "అది నువ్వు పెట్టినా పెట్టకపోయినా మారదు. అభ్యంతరం నువ్వే పెట్టాలని లేదు. ఒకటి పెట్టినోళ్లు ఎట్లాగూ పెడతరు. ఈ కాగితం ఉంచుకో, నీ ఇష్టం."

తల ఊపి బస్టాండుకు పోయింది.

తుది కీ వచ్చిన రోజు సాయంత్రం ఫోన్‌కు రెండు మెసేజ్‌లు వచ్చాయి. మొదటిది, "ఒకటి అని మార్చిన్రు సార్. నాకు ఒక మార్కు తగ్గింది." కాగితం వాడిందో లేదో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండోది పరకాల పిల్లగాడు పంపిన ఫొటో, కొత్త లెక్క. ఈసారి తెలుగు, ఇంగ్లీషు రెండూ ఫొటోలో ఉన్నాయి.